ఆఫ్‌సెట్టా, డిజిటలా: 462 కాపీల దగ్గర ఏం జరుగుతుంది?

ప్రశ్న: మా నాన్నగారి కథలు పుస్తకంగా వేస్తున్నాం. డెమ్మీ 1/8 సైజు, 160 పేజీలు, లోపల నలుపు, కవరు రంగులు. డిజిటల్ ప్రెస్‌లో 100 కాపీలకు 10,200, 300 కాపీలకు 28,600 రూపాయలు చెప్పారు. 500 తీసుకుంటే మొత్తం 43,000కే ఇస్తారట. ఆఫ్‌సెట్‌లో 500కు 45,000, వెయ్యికి 65,000. వెయ్యి వేస్తే కాపీ 65కే పడుతుంది కదా, అదే వేసేయమని ఇంట్లోవాళ్లు అంటున్నారు. వెల 150 పెడదామనుకుంటున్నాం. షాపులవాళ్లు 40 శాతం కమీషన్ అడుగుతున్నారు. అసలు ఎన్ని కాపీల నుంచి ఆఫ్‌సెట్ లాభం? — ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం:

అమ్మా, మీరు రెండు చోట్లా రెండేసి సంఖ్యలకు రేట్లు అడిగి మంచి పని చేశారు. ఒక్కో చోట ఒక్క రేటే తెచ్చుకుంటే ఈ లెక్క వేయడం కుదరదు. కాపీ ధరలో ఎంత భాగం మొదట్లో ఒకేసారి పడే ఖర్చో, ఎంత భాగం ప్రతి కాపీకీ పడే ఖర్చో ఒక్క అంకెలోంచి బయటకు రాదు.

ముందు ఆఫ్‌సెట్ కొటేషన్ విప్పుదాం. 500 నుంచి వెయ్యికి వెళ్తే 20,000 పెరిగింది. అంటే అదనపు కాపీ ఒక్కోటి 40 రూపాయలు. ఇది చర వ్యయం. 500 కాపీలకు ఆ లెక్కన 20,000 అయితే, మిగిలిన 25,000 మీరు ఒక్క కాపీ వేసినా పడే ఖర్చు. అది స్థిర వ్యయం. డిజిటల్‌లో 100 నుంచి 300కు 18,400 పెరిగింది, కాపీకి 92. 100 కాపీలకు 9,200 పోతే మిగిలింది 1,000. ఫైలు సరిచేసి, పేజీలు అమర్చి, నమూనా కాపీ తీసి ఇచ్చినందుకు ఆ వెయ్యి.

ఇక రెండింటి ఖర్చూ సమమయ్యే చోటు, ఎకనమిక్స్ చదివినవాళ్ల మాటలో ఉదాసీనతా బిందువు, ఇలా వస్తుంది. స్థిర వ్యయాల తేడాను చర వ్యయాల తేడాతో భాగించాలి. స్థిర వ్యయాల తేడా 25,000 − 1,000 = 24,000. చర వ్యయాల తేడా 92 − 40 = 52. భాగిస్తే 461.5. ఆఫ్‌సెట్‌కు మొదట్లో ఎక్కువ పెట్టిన 24,000ను ఒక్కో కాపీ 52 రూపాయల చొప్పున తిరిగి ఇస్తూ పోతుంది, 462వ కాపీతో ఆ బాకీ తీరుతుంది. సరిచూసుకోండి: 461 కాపీలకు డిజిటల్ 43,412, ఆఫ్‌సెట్ 43,440. 462కు డిజిటల్ 43,504, ఆఫ్‌సెట్ 43,480.

మీరు అడిగినదానికి సూటి జవాబు ఇదే, కానీ దీని మీద ఒక్కదాని మీదే ఆర్డరు ఇవ్వకండి. ముందు ఈ గీత నిజంగా తిన్నగా ఉందో లేదో చూడాలి. ఆఫ్‌సెట్ ప్రెస్‌ని 2,000 కాపీలకు కూడా రేటు అడగండి. మన లెక్కన 1,05,000 రావాలి. అటూ ఇటూ కాస్త తేడా ఉంటే ఫరవాలేదు. 1,15,000 అన్నారంటే మీకిచ్చిన రెండు కొటేషన్లలో ఏదో ఒకదానిలో కాగితం మారిందనో, బైండింగ్ మారిందనో అర్థం. రెండు ప్రెస్‌ల మధ్య కూడా ఒకే వస్తువుకు రేటు అడిగారో లేదో చూసుకోండి. ఒకరు 70 జీఎస్‌ఎమ్ మాప్‌లిథో కాగితం మీద, ఇంకొకరు 80 జీఎస్‌ఎమ్ మీద చెప్పి ఉంటే పోలిక తప్పుతుంది. కవరుకు ల్యామినేషన్ రెండింటిలోనూ ఉందా అని ప్రత్యేకంగా అడగండి. డిజిటల్‌లో టోనర్ కాగితం పైపొర మీదే ఉంటుంది కాబట్టి, ల్యామినేషన్ లేని కవరు వెన్ను దగ్గర మడతలో చిట్లి తెల్లగీత పడుతుంది. జీఎస్‌టీ కలిపి చెప్పారా, విడిగానా అన్నది కూడా తేల్చుకోండి. అచ్చయిన పుస్తకం అమ్మకం మీద జీఎస్‌టీ లేదు, అందువల్ల ప్రింటింగ్ మీద మీరు కట్టిన పన్ను వెనక్కి రాదు, అది మీ ఖర్చే. ఇద్దరూ ఒకే శాతం వేస్తే 462 మారదు, అన్నీ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. ఒకరు కలిపి, ఒకరు కలపకుండా చెబితే మాత్రం మొత్తం తప్పుతుంది.

డీటీపీ, ప్రూఫులు, కవరు డిజైన్ ఖర్చులను ఈ లెక్కలోకి తేవద్దు. ఏ ప్రెస్‌కి వెళ్లినా అవి అంతే, తీసివేతలో పోతాయి. చాలామంది వాటిని ఆఫ్‌సెట్ స్థిర వ్యయంలో కలిపేసి, డిజిటల్ వైపు మర్చిపోతారు. మీకు డీటీపీకి 12,000 అయిందనుకుందాం. దాన్ని ఒక్కవైపే కలిపితే 36,000ను 52తో భాగించి 692 అంటారు. 462 ఎక్కడ, 692 ఎక్కడ!

ఇప్పుడు 25,000 దేనికి పోతుందో చూడండి, ఎందుకంటే బేరం ఆడాల్సింది అక్కడే. డెమ్మీ షీటు మీద ఒక వైపు 8 పేజీలు, రెండు వైపులా కలిపి 16 పేజీలు పడతాయి. అదే ఒక ఫారం. మీ పుస్తకం 10 ఫారాలు. లోపల నలుపే కాబట్టి వైపుకు ఒకటి చొప్పున ఒక్కో ఫారానికి రెండు అచ్చు ప్లేట్లు. ప్లేటు 350 చొప్పున 700. మెషిన్ మీద ప్లేటు ఎక్కించి, ఇంకూ నీళ్లూ కుదిరి, ముందువైపు వెనకవైపు అచ్చు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేదాకా వృథా అయ్యే షీట్లు, ఆ పని సమయం కలిపి 1,300 వేద్దాం. ఫారానికి 2,000, పది ఫారాలకు 20,000. కవరుకు నాలుగు రంగుల ప్లేట్లు, మెషిన్ సిద్ధం చేయడం 3,500. బైండింగ్ సర్దుబాటు 1,500. మొత్తం 25,000. కాపీకి పడే 40లో ఫారానికి 2.40 చొప్పున కాగితం, అచ్చుకూలి 24, కవరు 6, బైండింగ్ 10. డిజిటల్ 92లో ఫారానికి 6.80 చొప్పున లోపలి పేజీలు 68, కవరు 14, బైండింగ్ 10. ఈ విభజన మీ మొత్తాలకు సరిపోయేలా వేసిన నమూనా. మీ ప్రెస్ వాళ్లను అడిగి అసలు అంకెలు ఇందులో పెట్టుకోండి.

ఇలా విడదీస్తే ఒక సంగతి బయటపడుతుంది. పుస్తకం లావైతే ఆఫ్‌సెట్టే మేలు, పలచగా ఉంటే డిజిటల్ మేలు అని చాలామంది అనుకుంటారు. లోపలి పేజీలు నలుపైనంతవరకు అది నిజం కాదు. ఒక ఫారం పెరిగితే ఆఫ్‌సెట్‌లో స్థిర వ్యయం 2,000 పెరుగుతుంది. అదే ఫారం కాపీకి 4.40 ఆదా కూడా తెస్తుంది. 2,000ను 4.40తో భాగిస్తే 455. ఫారాలు రెండున్నా ఇరవై ఉన్నా, ఆ నిష్పత్తి అంతే. మీ పుస్తకం 320 పేజీలైతే సమ బిందువు 458, 80 పేజీలైతే 467. పేజీలు రెట్టింపైనా, సగమైనా పది కాపీల తేడా కూడా రాలేదు. పేజీలు మారినప్పుడు పెరిగేది తప్పు నిర్ణయం వల్ల వచ్చే నష్టం, నిర్ణయం మారే చోటు కాదు.

ఆ బిందువును నిజంగా కదిలించేది రంగు. ఒక ఫారం మొత్తం రంగుల్లో వేస్తే ప్లేట్లు రెండు కాదు, ఎనిమిది. స్థిర వ్యయం ఫారానికి 6,000 అయిందనుకుందాం. కాపీకి కాగితం, అచ్చుకూలి 5 రూపాయలు. డిజిటల్‌లో రంగు పేజీ 3 రూపాయలైతే ఫారానికి 48. 6,000ను 43తో భాగిస్తే 140 కాపీల దగ్గరే ఆఫ్‌సెట్ గెలుస్తుంది. స్థిర వ్యయం మూడు రెట్లు పెరిగినా, కాపీ మీద తేడా దాదాపు పది రెట్లు పెరిగింది. రేపు ఎవరైనా పిల్లల బొమ్మల పుస్తకానికి మీ 462ను వాడుకుంటే తప్పుతారు.

ఇక 500 దగ్గర డిజిటల్ వాళ్లు ఇస్తామన్న తగ్గింపు. 43,000లో వెయ్యి తీసేస్తే కాపీ 84 పడింది. ఈ ఒక్క మెట్టుతో ఒకే బిందువు అన్న మాట పోతుంది. 461 దాకా డిజిటల్ చవక. 462 నుంచి 499 దాకా, సరిగ్గా అన్నే వేయిస్తే, ఆఫ్‌సెట్ చవక. సరిగ్గా 500 దగ్గర డిజిటల్ 43,000, ఆఫ్‌సెట్ 45,000, అంటే మళ్లీ డిజిటలే చవక. అక్కడి నుంచి 24,000ను 44తో భాగిస్తే 545. ఆ సంఖ్య దాటాక ఆఫ్‌సెట్ గెలిచి ఇక వెనక్కి రాదు. పాత రేటున 457 కాపీలకే 43,044 అవుతుంది కాబట్టి, డిజిటల్‌లో 457 నుంచి 499 దాకా ఎన్ని కావాలన్నా 500 ఆర్డరు ఇవ్వడమే చవక. మెట్టు రేట్లు ఉన్నప్పుడు సూత్రంలో వేసి ఒక్క జవాబు తీసుకుని ఊరుకోకూడదు. ప్రతి మెట్టుకూ విడిగా లెక్క వేసి, వచ్చిన బిందువు ఆ మెట్టు పరిధిలోనే ఉందో లేదో చూడాలి. ఉదాహరణకు 84 రేటుతో 545 వచ్చింది, అది 500 పైనే ఉంది కనుక చెల్లుతుంది. అదే 470 అని వచ్చుంటే, ఆ రేటు 470కి వర్తించదు కాబట్టి ఆ జవాబును పక్కన పడేయాలి.

ఇప్పటిదాకా వేసినదంతా అచ్చయ్యే కాపీల లెక్క. మీ డబ్బు తిరిగి వచ్చేది అమ్ముడయ్యే కాపీల మీద. మీ ఇంట్లోవాళ్ల వాదన జారిపోయేది సరిగ్గా ఇక్కడే. వెయ్యి వేస్తే కాపీ 65 అన్నది వెయ్యీ చేతులు మారితేనే నిజం. 400 అమ్ముడై 600 అటకెక్కితే, అమ్ముడైన ఒక్కో కాపీకి 162.50 పడినట్టు. మీ వెల 150.

ఆఫ్‌సెట్‌లో కాపీకి 40 అన్న చర వ్యయం మెషిన్ ఆగేదాకే చరం. అచ్చయిపోయాక మొత్తం 65,000 ఖర్చయిపోయినట్టే, పుస్తకం అమ్మకపోతే అందులో ఒక్క రూపాయి తగ్గదు. షాపు కమీషన్ పోగా మీకు 90 వస్తుంది. 90లో 40 తీసేస్తే 50, 25,000ను 50తో భాగిస్తే 500 అమ్మితే చాలని కొందరు లెక్క చెబుతారు. 500 వేసి 500 అమ్మితే అది సరే. వెయ్యి వేస్తే అసలు రావడానికి 65,000ను 90తో భాగించాలి: 723 కాపీలు అమ్మాలి. డిజిటల్‌లో చర వ్యయం అడిగినన్ని వేయించుకునేదాకా నిజంగానే చరం. ఈ సౌలభ్యానికే మీరు కాపీకి 52 ఎక్కువ ఇస్తున్నారు.

అయితే ఆ సౌలభ్యానికి అంత విలువ ఉందా? లెక్క వేద్దాం. మొదట డిజిటల్‌లో 150 వేయండి: 14,800. అవి అయిపోయి ఇంకా అడుగుతుంటే ఆఫ్‌సెట్‌లో 850 వేయండి: 59,000. మొత్తం వెయ్యికి 73,800, ఒకేసారి వేసినదానికన్నా 8,800 ఎక్కువ. ఇది ఆగి చూసినందుకు కట్టే మూల్యం. పుస్తకం 150 దగ్గరే ఆగిపోతే, ఆఫ్‌సెట్‌లో వెయ్యి వేసి ఉన్నదానికన్నా 50,200 మిగులుతుంది. 8,800ను, ఈ 8,800, 50,200 కలిపిన మొత్తం 59,000తో భాగిస్తే 15 శాతం. పుస్తకం 150 దగ్గర ఆగిపోయే అవకాశం ఏడింట ఒక వంతు కంటే ఎక్కువుందని మీకు అనిపిస్తే, ముందు డిజిటల్‌కు వెళ్లడమే సరి. మొదటిసారి వచ్చే కథల సంపుటికి ఆ అవకాశం అంతకన్నా చాలా ఎక్కువే ఉంటుందని నా అభిప్రాయం. 300, 400 దగ్గర ఆగిపోయే మధ్య సందర్భాలు కూడా ఉంటాయి, అప్పుడూ ఆఫ్‌సెట్ వెయ్యి మీకు నష్టమే. ఆవిష్కరణ సభకు వచ్చేవాళ్లు, నాన్నగారి స్నేహితులు, బంధువులు, ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఉంటే వాళ్లు, ముందే డబ్బు పంపినవాళ్లు: ఈ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి లెక్కపెట్టండి. ఆ పేర్లు 600 దాటితే నా మాట పక్కన పెట్టి ఆఫ్‌సెట్‌కు వెళ్లండి.

వెల సంగతి మాత్రం ఇప్పుడే సరిదిద్దాలి. 150 వెల మీద 40 శాతం పోతే మీకు వచ్చేది 90. డిజిటల్ కాపీకి అయ్యేది 92. షాపు ద్వారా అమ్మిన ప్రతి కాపీకి 2 రూపాయలు పోగొట్టుకుంటారు, ఎన్ని అమ్మినా ఆ నష్టం పూడదు. 462 దగ్గర రెండు పద్ధతులూ సమానం అన్నాను కదా. ఆ 462 కాపీలూ షాపుల్లోనే అమ్మితే 41,580 వస్తుంది, రెండు పద్ధతుల్లోనూ ఖర్చు 43,500 దగ్గర ఉంది. సమానంగా నష్టం. రెండు దారుల్లో ఏది చవకో ఈ బిందువు చెబుతుంది, లాభం ఉందో లేదో చెప్పదు. అందుకని మొదటి 150 కాపీలను షాపులకు ఇవ్వకుండా నేరుగా అమ్మండి. 22,500 వచ్చి, 14,800 పోగా 7,700 మిగులుతుంది. పోస్టు ఖర్చు కొనేవాళ్ల మీదే వేయండి. షాపుల్లో కూడా పెట్టాలనుకుంటే వెల 200 చేయండి. కమీషన్ పోను 120 వస్తుంది, డిజిటల్ కాపీ మీద 28, ఆఫ్‌సెట్ కాపీ మీద 80 మిగులుతుంది. వెల కవరు మీద అచ్చయ్యాక మార్చడం ఇబ్బంది, అందుకే ముందే తేల్చుకోమంటున్నాను.

డిజిటల్ ప్రెస్ దగ్గర రెండు విషయాలు రాయించుకోండి. అదే ఫైలుతో రెండోసారి వేస్తే ఆ వెయ్యి మళ్లీ తీసుకోకూడదు. 500 రేటు ఒకేసారి వేస్తేనా, ఏడాదిలో విడతలుగా వేసినా వర్తిస్తుందా? విడతలుగా ఒప్పుకుంటే ఇంతకన్నా మంచి బేరం మీకు దొరకదు. మొత్తం 43,000కే 500 కాపీలు, అదీ అమ్ముడైనకొద్దీ. దాని ముందు ఆఫ్‌సెట్ 45,000 నిలవదు.

ఆఫ్‌సెట్‌కు వెళ్లే రోజు వస్తే, కొటేషన్‌లో ఉన్న సంఖ్య మంచి కాపీలదా, మెషిన్ మీద వేసే షీట్లదా అని అడగండి. బైండింగ్‌లో కొన్ని ఫారాలు చిరగడం, వంకర మడత పడడం మామూలే. వెయ్యికి డబ్బు తీసుకుని 960 ఇస్తే మీకు కాపీ 65 కాదు, 67.70 పడుతుంది. ప్లేట్లు ఎక్కించకముందే ప్రతి ఫారం ప్రూఫు చూసి సంతకం పెట్టండి. ప్లేటయ్యాక ఒక్క అక్షరం మార్చాలన్నా ఆ వైపున్న 8 పేజీల ప్లేటు మొత్తం కొత్తగా చేయాలి. ముందుమాట రాసేవారి పేరు, వెల, ఐఎస్‌బీఎన్ ఉన్న పేజీలను మరీ జాగ్రత్తగా చూడండి.

పని అయ్యాక ప్లేట్లు దాచుతారా అని కూడా అడగండి. గమ్ పూసి, గీతలు పడకుండా, తేమ తగలకుండా దాచిన ప్లేట్లు మళ్లీ వాడుకోవచ్చు. లేకపోతే అల్యూమినియం తుక్కు కింద పోతాయి. లోపలి 20, కవరు 4, మొత్తం 24 ప్లేట్లకు 8,400. అవి ఉంటే రెండో ముద్రణకు స్థిర వ్యయం 16,600కు దిగుతుంది. డిజిటల్ వాళ్లు వెయ్యి మళ్లీ తీసుకుంటారనుకుంటే తేడా 15,600, దాన్ని 52తో భాగిస్తే 300. మొదటి ముద్రణకు 462 దగ్గర ఉన్న గీత, మలి ముద్రణకు 300 దగ్గరకు జరుగుతుంది. తప్పులు దిద్దిన పేజీలు ఎన్ని వైపుల మీద ఉంటే, అన్ని ప్లేట్లు కొత్తగా కలపాలి. ఒక్కోటి 350 చొప్పున, ఒక్కో కొత్త ప్లేటుకు గీత 7 కాపీల మేర పైకి జరుగుతుంది.